మూడు మార్కుల నోటీసు

న్యాయ విద్యార్థులకు డ్రాఫ్టింగ్ తప్పనిసరి ప్రాక్టికల్ పేపరు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం కనీసం 15 డ్రాఫ్టింగ్ అభ్యాసాలు రాయాలి, ఒక్కోదానికి 3 మార్కులు. దావాకు ముందు పంపే లీగల్ నోటీసు వాటిలో తేలికైనదిగా కనిపిస్తుంది. ప్రశ్నలోని తేదీలను లెక్కవేయకపోతే మాత్రం దెబ్బతినేది ఇక్కడే.

ఒక ప్రశ్న ఊహించుకుందాం. కిరాణా వ్యాపారి దగ్గర ఓ ఆటో డ్రైవరు 2022 జూన్ 5న రూ.2 లక్షలు అప్పు తీసుకుని, అడిగినప్పుడు చెల్లిస్తానని ప్రోనోటు రాసిచ్చాడు. వడ్డీ నెలకు నూటికి రూపాయిన్నర. 2023 ఏప్రిల్ 5న రూ.30 వేలు వడ్డీ కింద కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం చేశాడు. ఆ తర్వాత పైసా ఇవ్వలేదు. వ్యాపారి 2026 మార్చి 5న మీ దగ్గరికి వచ్చాడు. నోటీసు రాయండి.

మొదట వాస్తవాలు. అప్పు ఎప్పుడిచ్చారు, ఎంత, ఏ వడ్డీకి, ప్రోనోటు ఎవరు రాశారు, చెల్లు ఎప్పుడు పడింది అన్నవి జరిగిన వరసలోనే, పేరాకు ఒక విషయం చొప్పున రాయాలి. చాలామంది ఇక్కడ ‘నమ్మించి మోసం చేశారు’ అని ఆవేశపడతారు. ప్రశ్నలో మోసం లేదు, బాకీ మాత్రమే ఉంది. లేని సాక్షిని కల్పించడం ఇంకా పెద్ద తప్పు. తెలియని చిరునామాకు ఖాళీ వదిలినా ఫర్వాలేదు. నిజమైన కేసులో ఈ నోటీసు కాపీ రేపు కోర్టులో ఎగ్జిబిట్ అవుతుంది. నోటీసులో ఒక తేదీ, దావాలో మరో తేదీ ఉంటే అవతలి వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముందుగా పట్టుకునేది దాన్నే.

తర్వాత డిమాండు. ‘మా క్లయింటుకు రావలసిన మొత్తం వెంటనే చెల్లించండి’ అంటే చాలదు, ఎంతో చెప్పాలి. రూ.2 లక్షలకు నెల వడ్డీ రూ.3 వేలు. కట్టిన రూ.30 వేలు 10 నెలలకు సరిపోయాయి, అంటే 2023 ఏప్రిల్ 5 దాకా వడ్డీ తీరింది. అక్కడి నుంచి 2026 మార్చి 5కి 35 నెలలు, వడ్డీ రూ.1,05,000. అసలుతో కలిపి రూ.3,05,000. చెల్లించే రోజు దాకా వడ్డీ, నోటీసు ఖర్చులు వేరుగా అడగాలి. డబ్బు కట్టకపోతే జైలుకు పంపిస్తామని బెదిరించడం అనవసరం. సివిల్ దావా వేస్తామని చెబితే చాలు.

ఇక గడువు. అసలు పరీక్ష ఇదే. అలాంటి ప్రోనోటు మీద దావాకు కాలపరిమితి మూడేళ్లు. నోటు తేదీ నుంచి లెక్కిస్తే 2025 జూన్‌లోనే అయిపోయింది. బాకీదారు గడువు లోపలే డబ్బు కట్టి సంతకంతో చెల్లు రాశాడు కాబట్టి అక్కడి నుంచి కొత్తగా మూడేళ్లు మొదలయ్యాయి. అంటే 2026 ఏప్రిల్ 5 వరకు. అది ఆదివారం, కాబట్టి కోర్టు తెరిచే సోమవారం దావా వేయొచ్చు.

ఉదారంగా ‘ఈ నోటీసు అందిన నెలలోపు’ అని రాశారనుకోండి. మార్చి 8న నోటీసు అందితే ఏప్రిల్ 8 దాకా వ్యాపారి చేతులు కట్టుకుని కూర్చుంటాడు, ఈలోగా దావా మురిగిపోతుంది. నోటీసు పంపితే కాలపరిమితి ఆగుతుందన్నది మన ఊళ్లలో బాగా పాతుకుపోయిన భ్రమ. చట్టం తప్పనిసరి చేసిన నోటీసు వ్యవధిని మాత్రమే మినహాయిస్తారు. ప్రభుత్వం మీద దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద ఇచ్చే రెండు నెలల నోటీసు అలాంటిది. ప్రోనోటు దావాకు నోటీసే తప్పనిసరి కాదు, కనుక ఆ రోజులు తిరిగి రావు. ఇక్కడ 10 రోజుల గడువు ఇస్తే సరిపోతుంది.

పక్కవాళ్లను చూసి 15 రోజులని రాసేవాళ్లున్నారు. అది చెక్కు బౌన్సు నోటీసు నుంచి వచ్చిన అలవాటు. అక్కడ ఆ 15 రోజులు చట్టం పెట్టిన గడువు, మనం తగ్గించలేం. ఇక్కడ గడువు ఎంచుకునేది వకీలే. 15 రోజులు రాసినా ఈ లెక్కలో దావాకు సమయం మిగులుతుంది, అయితే కోర్టు ఫీజు సమకూర్చుకుని దావా తయారు చేయడానికి వ్యాపారికి రెండు వారాలే ఉంటాయి.

చివర్లో ఎలా పంపారో రాయాలి. పాత నమూనాల్లోని ‘రిజిస్టర్డ్ పోస్టు’ను తపాలా శాఖ 2025లో స్పీడ్ పోస్టులో కలిపేసింది కాబట్టి ఆ మాట గుడ్డిగా ఎక్కించకూడదు. బాకీదారు తీసుకోకుండా కవరు తిరిగొస్తే దాన్ని విప్పకుండా రసీదుతో సహా దాచాలి. చిరునామా సరైనదై ఉంటే, నోటీసు అందినట్టే భావించమని కోర్టును అడగడానికి అది పనికొస్తుంది.