రెండోసారి మోగితేనే...

ఫ్రీమాంట్‌లో మా బావగారు రైడ్ యాప్‌కు రోజూ పది గంటలు కారు నడుపుతారు. ఇక్కడ రాత్రి తొమ్మిదంటే గుంటూరులో పొద్దున్న, అత్తయ్య ఫోన్ చేసే వేళ. ఓ రోజు ఆ కాల్ మలుపు చూపే బాణాన్ని కప్పేసింది. ఎగ్జిట్ తప్పింది, ప్యాసింజర్‌ను ఎయిర్‌పోర్టుకు ఆలస్యంగా దించారు.

మర్నాడు డు నాట్ డిస్టర్బ్ పెట్టుకుంటే ఇంకో చిక్కు. ముందు మ్యాప్, వెనక రైడ్ యాప్. కొత్త రైడ్ వచ్చినా చప్పుడే లేదు!

ఆదివారం ఇద్దరం కారులో కూర్చున్నాం. ఫోన్ చేతిలో ఉండకూడదు, స్టాండులో ఉన్నా ఒక్క తాకుతోనే పని అవ్వాలన్నది కాలిఫోర్నియా రూలు. అందుకని అద్దానికి అడ్డం రాకుండా డాష్‌బోర్డుపై, ఏసీ గాలి తగిలేచోట స్టాండు బిగించాం. ఎండకు ఫోన్ వేడెక్కితే స్క్రీన్ మసకబారుతుంది. మ్యాప్‌లో వాయిస్ ఆన్ చేశాం.

తర్వాత ఐఫోన్ సెట్టింగ్స్‌లో Focus, అందులో Do Not Disturb తెరిచాం. Apps కింద రైడ్ యాప్‌ను, మ్యాప్‌ను చేర్చాం. People కింద Allow Repeated Calls ఆన్ చేశాం. మూడు నిమిషాల్లోపు అదే నంబరు నుంచి రెండోసారి వస్తే మోగుతుంది. నా ఫోన్‌తో పరీక్షించి చూశాం.

"అవసరమైతే వాట్సాప్ కాదు, మామూలు కాల్ వెంటవెంటనే రెండుసార్లు చేయండి" అని అత్తయ్యకు చెప్పాం.

పోయినవారం రెండోసారి మోగింది. బావగారు కారు పక్కకు ఆపి ఎత్తారు. మావయ్యను ఆస్పత్రిలో చేర్చారట.