గడప లోపల నాలుగడుగులు

సాయంత్రం ఏ అపార్టుమెంటు కారిడార్‌లోకి వెళ్లినా ప్రతి గుమ్మం ముందూ చెప్పులు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. లోపల పెట్టుకోవడానికి చోటు లేదంటారు. నిజానికి కారిడార్ అందరూ నడిచే దారి. పొగ కమ్ముకున్న రోజున అందరూ పరుగెత్తి బయటపడవలసిన దారి కూడా అదే. చెప్పులూ, వాటి స్టాండూ ఇంటి లోపలే ఉండాలి. రెండు పడగ్గదుల ఫ్లాట్లలో గుమ్మానికీ హాలుకూ మధ్య సుమారు నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవున్న చిన్న చోటు చాలాచోట్ల ఉంటుంది. చెప్పులు దాచుకోవడానికి, కూర్చుని బూట్లు వేసుకోవడానికి, తాళాలు పెట్టుకోవడానికి అది చాలు. అయితే కొలత మొదలుపెట్టాల్సింది గోడ దగ్గర కాదు, తలుపు దగ్గర.

చాలామంది గోడ పొడవు కొలుచుకుని దుకాణానికి వెళ్లి, ఆ కొలతకు సరిపోయే స్టాండు తెచ్చేస్తారు. ఇంటికొచ్చాక తలుపు సగం తెరుచుకుని దానికి తగులుతుంది. తలుపు తెరుచుకునేటప్పుడు దాని అంచు నేలమీద పావు వృత్తం గీస్తుంది. ఆ గీత లోపల ఏదీ ఉండకూడదు. అందుకే ముందు తలుపు అంచు దగ్గర సుద్దముక్క పట్టుకుని, మెల్లగా తలుపు తీస్తూ నేలమీద ఆ గీత గీయండి. ఆ గీత బయట మిగిలిందే మీకున్న అసలు చోటు.

ఒక లెక్క వేసి చూద్దాం. గది వెడల్పు 48 అంగుళాలు, పొడవు 60 అంగుళాలు. తలుపు రెక్క 40 అంగుళాలు, రెండు పక్కలా చెరో నాలుగు అంగుళాల ద్వారబంధం. తలుపు లోపలికి తెరుచుకుని ఎడమ గోడకు ఆనుకుంటుంది. కాబట్టి ఎడమ గోడ తలుపుకే పోయింది. మనకు మిగిలింది కుడి గోడ. దాన్ని మూడు ముక్కలుగా చూడాలి.

గుమ్మం నుంచి మొదటి 18 అంగుళాలు ఖాళీగా వదిలేయాలి. తలుపు అంచు ఈ గోడకు బాగా దగ్గరగా వచ్చేది అక్కడే. ఆ తర్వాతి 24 అంగుళాలు చెప్పుల స్టాండుకు. ఇక్కడ మామూలు స్టాండు పనికిరాదు. అది 12 అంగుళాల లోతు ఉంటుంది కనుక తలుపు దాని మూలకు కొట్టుకుంటుంది. పైభాగం ముందుకు వాలి తెరుచుకునే సన్నని స్టాండ్లు దొరుకుతాయి. వాటిలో బూట్లు నిలువుగా నిలబడతాయి కాబట్టి లోతు ఏడు అంగుళాలుంటే చాలు. తలుపుకూ దానికీ మధ్య అంగుళం పైచిలుకు సందు మిగులుతుంది. తలుపు పూర్తిగా తెరిచి ఉంచినా మనిషి నడవడానికి మూడడుగుల దారి ఉంటుంది. ఒక్కో అరలో రెండు మూడు జతలు పడతాయి. మూడు అరలుంటే ఏడెనిమిది జతలు, అంటే నలుగురికి తలా రెండు. ఈ స్టాండు తలుపు మూశాకే తెరవాలి. లోపలికి వచ్చి తలుపు వేసి చెప్పులు విప్పుతాం కనుక దానివల్ల ఇబ్బంది ఉండదు.

మిగిలిన 18 అంగుళాలు కూర్చోవడానికి. అక్కడికి తలుపు గీత రాదు కనుక బల్లకు 14 అంగుళాల లోతు ఇవ్వవచ్చు. ఎత్తు కూడా 18 అంగుళాలు ఉండాలి. అంతకన్నా తగ్గితే మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు లేవలేరు. పక్కనున్న స్టాండు నిలువు చెక్క మీద చేతికి అందే ఎత్తులో ఒక పిడి బిగిస్తే, అది పట్టుకుని లేస్తారు. బల్ల కింద నాలుగంగుళాలు తుడుపుకర్రకు వదిలి, మిగతా ఎత్తులో రెండు అరలు పెడితే మరో నాలుగు జతలు పడతాయి. బడి పిల్లల బూట్లు, రోజూ వేసుకునే స్పోర్ట్స్ షూస్ అక్కడ ఉంచితే సరి. పెళ్లిళ్లకు వేసుకునే చెప్పులు, ఏడాదికోసారి తీసే జతలు ఇక్కడికి రాకూడదు. అవి అటకమీద డబ్బాలో ఉండాలి. గుమ్మం దగ్గర వారంలో కాలికి తొడిగే జతలకే చోటు.

సన్నని స్టాండును గోడకు బిగించి తీరాలి. అరలు తెరిచినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది. పసివాడు అర పట్టుకుని వేలాడితే మొత్తం మీద పడుతుంది. బిగించే ముందు గోడ ఏమిటో తెలుసుకోండి. డ్రిల్లుతో చిన్న రంధ్రం చేస్తే పొడి చెబుతుంది. ఎర్రపొడి వస్తే మట్టి ఇటుక. గట్టిగా, బూడిదరంగులో వస్తే కాంక్రీటు. మెత్తగా, తెల్లగా రాలితే తేలికపాటి ఏఏసీ బ్లాకు. మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు బ్లాకు గోడలో కొన్నాళ్లకు వదులైపోతాయి. వాటికోసమే వచ్చే పొడవాటి ప్లగ్గులు అడిగి తెచ్చుకోవాలి. స్టాండును కదిపి చూసినప్పుడు స్క్రూ చుట్టూ పొడి రాలుతుంటే పట్టు పోతున్నట్టే. మీటరు నుంచి వచ్చే కరెంటు ఎంసీబీ పెట్టె ఆ గోడకే ఉంటే దాన్ని కప్పేయకండి. దాని కిందా పైనా వైర్లు పోయే వరుసలో రంధ్రాలు చేయించకండి.

ఇక చెమ్మ సంగతి. వానాకాలంలో తడి బూట్లు మూసిన అరలో పెడితే తోలు మీద తెల్లని బూజు పడుతుంది. తడిసినవి బాల్కనీలో ఆరాకే లోపలికి రావాలి. వడ్రంగితో చేయిస్తుంటే వెనక చెక్క పూర్తిగా మూయించక, గాలి ఆడేందుకు పైనా కిందా రెండేసి వేళ్ల సందు వదలమనండి. నీటికి తట్టుకునే ప్లైవుడ్డు వాడాలి. చెక్కపొట్టు అద్దిన చవక బోర్డుకు రోజూ తడిగుడ్డ తగిలితే కింది అంచు ఉబ్బి, పైనున్న సన్‌మైకా లేచిపోతుంది. లేచిన అంచును గోటితో తాకి చూస్తే నీరు ఎక్కడిదాకా పాకిందో తెలిసిపోతుంది.

చివరిగా తాళాలు. తలుపు పక్కన ఖాళీ వదిలిన ఆ 18 అంగుళాల గోడ చూడగానే అక్కడే కొక్కేలు కొట్టాలనిపిస్తుంది. అలా చేయకూడదు. గ్రిల్ తలుపు సందులోంచి చేయో, కర్రో పెడితే తాళాలు అందుతాయి, కారిడార్‌లో నిలబడ్డవాడికి కనిపిస్తాయి. బల్లకు పైన, స్టాండు చాటున నాలుగున్నర అడుగుల ఎత్తులో కొక్కేల చెక్క బిగించండి. అక్కడైతే బయటినుంచి చూపు పడదు, చిన్నపిల్లలకూ అందదు. ఇంట్లో ఎన్ని గుత్తులుంటే అన్ని కొక్కేలు, ఇంకొకటి అదనంగా. బీరువా, లాకరు తాళాలు మాత్రం అక్కడ వేలాడదీయకండి. ఏ తాళానికీ ఫ్లాట్ నంబరు రాసిన చీటీ కట్టకండి.

అద్దె ఇల్లయితే గోడకు రంధ్రాలు కొట్టనివ్వరు. అప్పుడు సన్నని స్టాండు వద్దు. అదే లెక్కతో గుమ్మానికి దూరంగా ఉన్న చివర అరలున్న బల్ల ఒక్కటే వేసుకుని, తాళాలకు అతికించే కొక్కేలు వాడండి. నాలుగు జతలే పడతాయి గానీ ఏదీ మీద పడదు.

డబ్బు ఖర్చు పెట్టే ముందు స్టాండు, బల్ల కొలతలకు పాత వార్తాపత్రికలు కత్తిరించి నేలమీద టేపుతో అంటించండి. రెండు మూడు రోజులు ఇంటిల్లిపాదీ వాటిని తొక్కకుండా నడిచి చూడండి. కూరగాయల సంచులతో ఒకసారి, గ్యాస్ సిలిండర్ వచ్చినప్పుడు ఒకసారి గమనించండి. కాగితం చిరిగిందంటే ఆ కొలత తప్పు. అది సరిచేసుకున్నాకే వడ్రంగిని పిలవండి.