పద్యం, సామెత, నేటి మాట: సూక్తుల సంకలనంలో పాళ్లు

సూక్తుల సంకలనం కూర్చేవారి ముందు సాధారణంగా మూడు బుట్టలుంటాయి. ఒకదానిలో ప్రాచీన గ్రంథాల మాటలు, రెండోదానిలో జనం నోట నలిగిన సామెతలు, మూడోదానిలో ఆధునిక రచయితల వాక్యాలు. మూడింటి నుంచీ సమానంగా తీసుకుంటే వైవిధ్యం దానంతటదే వస్తుందనిపిస్తుంది. కానీ అలా కూర్చిన పుస్తకాలు చాలావరకు ఒకే పెద్దమనిషి ఏడాది పొడుగునా బుద్ధులు చెబుతున్నట్టే ఉంటాయి.

వారానికొకటి చొప్పున 52 మాటలతో ఒక బల్ల క్యాలెండర్ వేయాలనుకుందాం. తొలి ఎంపికలో 18 ప్రాచీన పద్యాలు, 17 సామెతలు, 17 ఆధునికుల మాటలు వచ్చాయి. లెక్క చక్కగా ఉంది. అయితే ఆ పద్యాల్లో 14 వేమనవి, సుమతీ శతకంవే. బడిలో అందరూ కంఠస్థం చేసినవి కాబట్టి చేతికి ముందు అవే తగులుతాయి. ఆధునికుల్లో సగం ఒకే కవివి. అన్నిటినీ వరసగా చదివితే ముప్పాతిక భాగం ‘ఇలా చేయి, అలా చేయకు’ అనే ధోరణిలోనే ఉన్నాయి. కాలాలు మూడైనా స్వరం ఒక్కటే. పైగా పద్యం నాలుగు పాదాలు, సామెత నాలుగైదు మాటలు. సంఖ్యలో సమానమైనా, పేజీలు తిప్పేవారి కంటికి ఆ క్యాలెండర్ పద్యాల పుస్తకంలాగే కనిపిస్తుంది.

అందుకే ఏ కాలానిదన్న ఒక్క గుర్తు చాలదు. ప్రతి మాటనూ విడి చీటీ మీద రాసి, దాని పక్కన మరో మూడు సంగతులు చేర్చాలి: అది దేని గురించి, ఎన్ని పంక్తులు, ఏ స్వరంలో ఉంది. స్వరమంటే ఉపదేశమా, పరిశీలనా, వేళాకోళమా, ప్రశ్నా, దుఃఖమా అన్నది. చీటీలను ముందు స్వరం ప్రకారం కుప్పలు పెడితే ఉపదేశాల కుప్ప ఎంత ఎత్తుందో అప్పుడు తెలుస్తుంది. 52లో 20కి మించి ఉపదేశాలు లేకుండా, ఏ ఒక్కరివీ మూడుకు మించకుండా హద్దు పెట్టుకుంటే కొత్త చోట్ల వెతకక తప్పదు.

ప్రాచీన బుట్టలో వెతకడానికి చోటు చాలా ఉంది. హాలుడి పేరు మీద ఉన్న గాథాసప్తశతి తానే ఒక సంకలనం. ప్రాకృతంలోని ఆ ఏడువందల గాథల్లో నీతుల కన్నా పల్లెలు, పొలాలు, ప్రేమలు ఎక్కువ. తిక్కన ఉద్యోగపర్వంలో రాయబారాలున్నాయి, కాబట్టి వాదన నడిపే మాటలకు అది మంచి గని. మొల్ల, తరిగొండ వెంగమాంబ కావ్యాలను కూడా తెరిస్తే పాత కాలమంటే మగగొంతు మాత్రమే అన్న లోటు కొంత తీరుతుంది. భర్తృహరిని తీసుకునేటప్పుడు అనువాదకుణ్ణి మరవకూడదు. తెలుగువారి నోళ్లలో ఉన్నవి ఎక్కువగా ఏనుగు లక్ష్మణకవి పద్యాలు. మూలకవి పేరొక్కటే వేస్తే పద్యం కట్టినవాడికి అన్యాయం చేసినట్టే. మరో కొలత కూడా అవసరం: పద్యం కింద వేసే తాత్పర్యం పద్యం కన్నా పొడుగైతే, అది ఎంత గొప్పదైనా క్యాలెండర్ పేజీకి సరిపోదు.

వేమనను ఏ బుట్టలో వేయాలన్నది నిజంగా చిక్కు ప్రశ్నే. సి.పి. బ్రౌన్ ఆ పద్యాలను సేకరించి 1829లో అచ్చు వేయించాడు. అంతకుముందూ ఆ తర్వాతా అవి రాతప్రతుల్లో ఎంత బతికాయో జనం నోటా అంతే బతికాయి. కొన్ని పద్యాల చివరి మాటలు విడిపోయి సామెతలైపోయాయి కూడా. పద్యం మొత్తం వేస్తే ప్రాచీనం కింద, జనం వాడుకలో విడిపోయిన ముక్క వేస్తే సామెత కింద లెక్కపెట్టడం తేలిక. రెండూ వేస్తే చదివేవారికి అదే మాట రెండుసార్లు తగులుతుంది.

సామెతలకు పాత ఆధారం కావాలంటే కెప్టెన్ ఎం.డబ్ల్యు. కార్ 1868లో మద్రాసులో ప్రచురించిన పెద్ద సంకలనం ఉంది. అలాంటి పాత సంకలనాల్లో కులాలనూ ఆడవాళ్లనూ కించపరిచేవీ ఉంటాయి. పరిశోధకుడికి అవి కావాలి గానీ, ఇంటి బల్ల మీద వారం పాటు నిలబెట్టే మాటలు కావు. ‘కళ్లు కాయలు కాయడం’ లాంటి జాతీయాలు వాక్యంలో భాగాలే తప్ప వాటంతట అవి నిండు మాటలు కావు, కాబట్టి వాటిని పక్కన పెట్టాలి. అసలు సామెత పుట్టింది సందర్భానికి జవాబుగా. ఒంటరిగా అచ్చువేస్తే సగం చప్పబడుతుంది. ఎప్పుడంటారో, ఎవరితో అంటారో చెప్పే చిన్న వాక్యం ఒకటి కింద ఉంటే మళ్లీ ప్రాణం వస్తుంది.

సామెతల్లో ఉన్న అసలు సంపద వాటి పరస్పర విరోధం. ‘ఆలస్యం అమృతం విషం’ అనే జనమే ‘నిదానమే ప్రధానం’ అనీ అంటారు. ఈ రెండూ పక్కపక్క వారాల్లో వస్తే చదివేవారు ఆగి, తన పనికి ఏది వర్తిస్తుందో ఆలోచిస్తారు. ఒకే భావాన్ని మూడు బుట్టల నుంచి తెచ్చి మూడుసార్లు చెప్పడం కన్నా ఇలాంటి ఒక్క జత ఎక్కువ వైవిధ్యాన్నిస్తుంది.

ఆధునికుల బుట్టలో చిక్కులు వేరు. మొదటిది పాత్ర మాటను రచయిత మాటగా వేయడం. కన్యాశుల్కంలో గిరీశం పలికేవి చురుగ్గా ఉంటాయి, కానీ అవి గురజాడ అభిప్రాయాలు కావు. అతని డాంబికాన్ని బయటపెట్టడానికి రాసినవి. అలాంటివాటి కింద పాత్ర పేరు తప్పక ఉండాలి. రెండోది, పేరున్నవారికి అంటగట్టిన మాటలు. ఏ పుస్తకంలో, ఏ పేజీలో ఉందో దొరకని మాటను వదిలేయడమే మేలు. మూడోది హక్కులు. భారతీయ చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ల పాటు కాపీరైటు ఉంటుంది. 1915లో మరణించిన గురజాడకూ, 1953లో మరణించిన సురవరం ప్రతాపరెడ్డికీ ఆ గడువు తీరింది. 1971లో మరణించిన జాషువ రచనలకు 2031 చివరిదాకా, 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరిదాకా ఉంటుంది. అమ్మే క్యాలెండర్‌లో వేయాలంటే వారసుల అనుమతి అడగాలి. ఈ బుట్టలో కవిత్వం కన్నా వచనం వైపు మొగ్గడం మంచిది. వ్యాసం, ఉత్తరం, ఆత్మకథ, కథ వంటి వాటిలోని సాదా వాక్యం పద్యానికీ సామెతకీ నడుమ గాలి ఆడనిస్తుంది.

ఇలా వడపోసిన క్యాలెండర్‌లో 13 ప్రాచీనాలు, 17 సామెతలు, 22 ఆధునికాలు నిలిచాయనుకుందాం. సంఖ్యలు సమానం కావు, కానీ పొడవులు కలిశాక పుటల మీద తూకం కుదురుతుంది. ఇక వరస కట్టాలి. ఒకే రకానివి రెండుకు మించి వెంటవెంట రాకూడదు. వాన సామెతకు జూన్ రెండో వారం, మృగశిర కార్తె వేళ, సహజమైన చోటు. పండగ వారాల్లో మాత్రం పండగ గురించే చెప్పాలన్న పట్టు అక్కర్లేదు. అందరూ ఊహించే మాట అక్కడ వెలవెలపోతుంది.

చివరి పరీక్ష చెవికి. కూర్చినవారు కాక మరొకరు ఎనిమిది వారాల మాటలను పేర్లు చెప్పకుండా గట్టిగా చదవాలి. మూడోదానికో నాలుగోదానికో వినేవారి చూపు పక్కకు పోయిందంటే అక్కడ ఒకే స్వరం పేరుకుందన్నమాట. అక్కడ ఒక చీటీని తీసి, దాని బదులు అదే కాలపు మరో మాటను కాక, అదే పొడవులో వేరే స్వరం ఉన్న మాటను పెట్టి, ఆ ఎనిమిదింటినీ మళ్లీ చదివించాలి.