రంగులు వేసే ముందు ఆ పిల్లర్ సంగతి



మొన్న ఆదివారం పెదవాల్తేరులో మీ ఇంటికి వచ్చినప్పుడు పెయింటింగ్ మేస్త్రీ ముందు నేను ఎక్కువ మాట్లాడలేదు. గేటు పక్కనున్న పిల్లర్ మీది సన్నటి గీతలు చూపించి, "పుట్టీ పెట్టి రెండు కోటింగులు కొట్టేస్తే ఇంక కనబడవండీ" అని అతనన్నాడు. నిజమే, కనబడవు. నా కంగారు కూడా అదే. సంక్రాంతిలోపు ఇల్లంతా రంగులు పూర్తవ్వాలని మీరు అనుకుంటున్నారు. అయినా ఆ పిల్లర్‌నీ, సముద్రం వైపున్న మరో రెండింటినీ ప్రస్తుతానికి వదిలేయమని అడగడానికే ఈ ఉత్తరం.

గీతలు ఎంత సన్నగా ఉన్నాయన్నది మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. నా దగ్గరున్న కొలత కార్డు ఆనించి చూస్తే 0.2 మిల్లీమీటర్లు కూడా లేవు. వాటి వెడల్పు కంటే అవి ఉన్న చోటు నన్ను ఆపింది. ఒక గీత నేలకు జానెడు ఎత్తున మొదలై నిలువుగా, దారం పట్టినట్టు, నడుము దాటి పైకి పోయింది. అది పిల్లర్ అంచుకి అంగుళంన్నర లోపల ఉంది. పక్క ముఖం చూస్తే అక్కడా అదే ఎత్తులో, అంచుకి అంతే దూరంలో ఇంకో గీత. ఒకే మూలకి రెండు పక్కలా రెండు గీతలు వచ్చాయంటే, ఆ మూలలో ఉన్న రాడ్ కాంక్రీటును లోపలి నుంచి బయటికి తోస్తోందని అనుమానించాలి.

పిల్లర్ మీద కనబడే ప్రతి గీతా ఇలాంటిది కాదు. సాలెగూడులా అల్లుకునే నెర్రెలు చాలావరకు ప్లాస్టరింగుకు సరిగా నీళ్లు పెట్టకపోతే వచ్చేవి. ఇటుక గోడ పిల్లర్‌ని తాకే చోట నిలువు గీత వస్తే, ఆ రెండూ ఎండకు వేరువేరుగా సాగి ముడుచుకోవడం వల్ల వచ్చి ఉండవచ్చు. అలాంటివాటికి రంగుల మేస్త్రీ చెప్పే మందు సరిపోతుంది. మీ పిల్లర్‌కి గోడ ఆనుకుని లేదు. పార్కింగులో ఒంటరిగా నిలబడింది. అందుకని ఆ కారణం ఇక్కడ కుదరదు.

లోపల ఏం జరుగుతుందో చెబుతాను. మంచి కాంక్రీటులో క్షారగుణం చాలా ఎక్కువ. దానివల్ల రాడ్ చుట్టూ కంటికి కనబడని పలచటి పొర ఏర్పడి ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది. ఆ పొర రెండు రకాలుగా పోతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి కాంక్రీటులోకి దిగి క్షారాన్ని చంపేయడం ఒకటి. ఉప్పు రాడ్ దాకా చేరడం రెండోది. రెంటిలో ఏది జరిగినా, తేమ తగిలిన ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు తాను తిన్న ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. గట్టి కాంక్రీటులో ఆ చోటు ఎక్కడిది? రాడ్ చుట్టూ ఒత్తిడి పెరిగి, పైనున్న కాంక్రీటు రాడ్ వెంబడే చీలుతుంది.

మాస్టారూ, ఇక్కడ మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. కాంక్రీటు చిట్లడానికి తుప్పు ఎక్కువ పట్టనక్కర్లేదు. రాడ్ మందంలో మిల్లీమీటరుకి ఇరవయ్యో వంతు పోకముందే పైన గీత పడవచ్చు. అంటే వెంట్రుకవాసి గీత దగ్గరే పట్టుకుంటే రాడ్ దాదాపు చెక్కుచెదరకుండా దొరికే అవకాశం ఉంది. అదే చుట్టూ ఒక్క మిల్లీమీటరు తినేదాకా ఆగితే 16 మిల్లీమీటర్ల రాడ్ 14కి వస్తుంది, దాని బలం నాలుగో వంతుకి దగ్గరగా పోతుంది. నేను ఇంకా ఎక్కువ భయపడేది రింగుల గురించి. అవి రాడ్లకంటే బయటికి ఉంటాయి కాబట్టి ఉప్పు ముందు వాటినే చేరుతుంది. 8 మిల్లీమీటర్ల రింగు చుట్టూ ఒక మిల్లీమీటరు పోతే మిగిలేది సగానికి కాస్త పైన. బరువు కింద నిలువు రాడ్లు పక్కకి వంగకుండా బిగించి పట్టేవి ఆ రింగులే. మీ పిల్లర్ మీద సుమారు 40 టన్నుల బరువు ఉంటుందని నా ఉజ్జాయింపు లెక్క.

ఇదే ఊళ్లో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక అపార్ట్‌మెంట్‌కి నన్ను ఆలస్యంగా పిలిచారు. అక్కడ ఇలాంటి గీతలకే మూడుసార్లు పుట్టీ పెట్టి రంగు వేశారట. నాలుగోసారి గీత రాలేదు, మోకాలెత్తున పిల్లర్ మూల పెచ్చు ఊడి కింద పెట్టిన స్కూటర్ మీద పడింది. లోపల మూడు రింగులు తెగిపోయి ఉన్నాయి. మొదటి గీత ఎప్పుడొచ్చిందని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు, ఎందుకంటే రంగు వేసిన ప్రతిసారీ ఆ ఆనవాలు చెరిగిపోయింది. తుప్పు ఎంత వేగంగా నడిచిందో తెలుసుకునే దారి కూడా దాంతోపాటే పోయింది.

ఇక మనం చేయాల్సిన పని. ముందు ఆ మూలన ప్లాస్టరింగు ఒక అడుగు మేర చెక్కిస్తాను. గీత ప్లాస్టరింగుతోనే ఆగిపోయి కింద కాంక్రీటు శుభ్రంగా ఉంటే సంతోషంగా అతికించేసి వెళ్లిపోతాను. గీత కాంక్రీటులో కూడా ఉంటే చిన్న సుత్తితో చుట్టూ తట్టి చూస్తాం. గట్టి కాంక్రీటు కంగుమంటుంది, లోపల విడిపోయింది డొల్లగా పలుకుతుంది. తరువాత రాడ్ మీద ఎంత కాంక్రీటు ఉందో మీటరుతో కొలుస్తాం. పిల్లర్‌కి మామూలుగా 40 మిల్లీమీటర్లు ఉండాలని ఐ.ఎస్. 456 చెబుతుంది. సముద్రపు గాలికి నేరుగా ఎదురుగా ఉంటే 45. మీరు 1998లో కట్టించిన ఇంట్లో కవర్ బ్లాకుల బదులు కంకర రాళ్లు పెట్టి పోశారని మీరే అన్నారు. అలాంటి చోట 20 కూడా దొరక్కపోవచ్చు.

ఆ తరువాతి పరీక్ష మీకూ చూపిస్తాను, స్కూల్లో సైన్సు చెప్పిన మీకు నచ్చుతుంది. అప్పుడే పగలగొట్టిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతాం. క్షారం బతికున్న చోట గులాబీ రంగు వస్తుంది, చచ్చిపోయిన చోట రంగు రాదు. స్కేలు పెట్టి రంగులేని లోతు కొలుస్తాం. ఉదాహరణకి ఆ లోతు 25 మిల్లీమీటర్లయి, రాడ్ 20 దగ్గరే ఉంటే తుప్పుకి కారణం గాలి. అలా కాక రాడ్ చుట్టూ అంతా గులాబీగా ఉండి కూడా రాడ్ తుప్పు పట్టి ఉంటే, దోషం ఉప్పుదని అనుమానించాలి. అప్పుడు డ్రిల్లుతో మూడు లోతుల్లో పొడి తీసి ల్యాబుకి పంపుతాం. ఘనమీటరు కాంక్రీటులో క్లోరైడు 0.6 కిలోలు దాటకూడదన్నది ఐ.ఎస్. 456 పెట్టిన హద్దు. నేను అంకె ఒక్కటే చూడను. ఉప్పు పైన ఎక్కువగా ఉండి లోపలికి పోయేకొద్దీ తగ్గితే అది సముద్రపు గాలి తెచ్చింది. మూడు లోతుల్లోనూ దాదాపు ఒకేలా ఉంటే, పోత పోసిన రోజే ఉప్పునీటి బోరు నుంచో, కడగని ఇసుక నుంచో కాంక్రీటులో కలిసిందన్నమాట. అదే అయితే ఆ రోజు పోసిన పిల్లర్లన్నిటినీ చూడాలి, గీత ఉన్న వాటితో ఆగకూడదు.

పక్క పిల్లర్లలో గీత పడకుండానే తుప్పు మొదలైందా అని తెలుసుకోవడానికి హాఫ్‌సెల్ అనే పరీక్ష ఉంది. రాడ్‌కి ఒక తీగ కలిపి, రాగి సల్ఫేటు నింపిన గొట్టాన్ని తడి కాంక్రీటు మీద అడుగడుగునా ఆనించి వోల్టేజి చదువుతాం. మైనస్ 350 మిల్లీవోల్టులు దాటి ఇంకా కిందికి పోతే అక్కడ తుప్పు నడుస్తోందనడానికి 90 శాతం పైన అవకాశం. మైనస్ 200కి ఇటువైపు ఉంటే తుప్పు లేదనడానికి అంతే అవకాశం. మధ్యలో వస్తే తేల్చి చెప్పలేం. ఇది తుప్పు ఉందా అని చెబుతుందే గాని ఎంత తిన్నదో చెప్పదు, దానికి ఒకచోట రాడ్ బయటపెట్టి కాలిపర్‌తో కొలవాల్సిందే. పైగా పెయింటు మీద ఈ పరీక్ష పనిచేయదు. ఇప్పుడు రంగు వేయిస్తే అదంతా మళ్లీ గీకించాల్సి వస్తుంది. కొందరు రీబౌండ్ హ్యామర్ ఒక్కటి కొట్టి "స్ట్రెంగ్త్ బాగుంది" అని రాసిచ్చి వెళ్తారు. అది పైపొర గట్టితనం మాత్రమే చెబుతుంది, పాత కాంక్రీటులో క్షారం చచ్చిన పైపొర ఇంకా గట్టిగా కొడుతుంది. తుప్పు గురించి దానికేమీ తెలియదు.

తుప్పేనని తేలి, రాడ్ బాగానే మిగిలుంటే బాగుచేయడం పెద్ద పని కాదు. పైనున్న భీముల కింద జాకీలు బిగించి బరువు వాటి మీదికి మళ్లించాక, దెబ్బతిన్న కాంక్రీటును రాడ్ వెనక వేలు దూరేంత వరకు తీసి, తుప్పు తెల్లగా మెరిసేదాకా గీకించి, మైక్రోకాంక్రీటు పోయిస్తాం. ముందువైపు మాత్రమే చెక్కి, రాడ్ వెనక ఉప్పు కాంక్రీటును వదిలేసి మసాలా మెత్తితే రెండు మూడేళ్లలో పక్కనే కొత్త గీత వస్తుంది. ఇలాంటి మరమ్మతులు చెడిపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం అదే. రెండు పిల్లర్లను ఒకేసారి చెక్కనివ్వను. రాడ్ బాగా తినేసి ఉంటే కొత్త రాడ్లు, రింగులు కట్టి జాకెట్టింగ్ చేయాలి, దానికి లెక్కలు వేసి డ్రాయింగ్ ఇస్తాను. రంగు ఆఖర్న వస్తుంది. అప్పుడు వేసే మంచి పూత గాలినీ తేమనీ నిజంగానే అడ్డుకుంటుంది. ఉప్పు అప్పటికే లోపల ఉన్న పిల్లర్‌ని మాత్రం పూత ఒక్కటే కాపాడలేదు.

నేను వచ్చేలోపు గీతల రెండు చివర్లా పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కన తేదీ రాయండి. పైట్యాంకు నుంచి దిగే పైపు ఆ పిల్లర్ పాదానే చెమరుస్తోంది, ప్లంబర్‌ని పిలిచి ముందు అది ఆపించండి. కారు అక్కడ కడగవద్దు. గీత రోజురోజుకీ వెడల్పవుతున్నా, గోధుమరంగు మరక కారుతున్నా, మూల ఉబ్బినా, పైఅంతస్తులో తలుపులు పట్టేసినా ఆలోచించకుండా కార్లు తీయించి, అటువైపు ఎవరినీ వెళ్లనివ్వకుండా, ఏ వేళైనా నాకు ఫోన్ చేయండి. ప్రస్తుతం ఆ సూచనలేవీ నాకు కనబడలేదు.

మేస్త్రీని పంపేయనక్కర్లేదు. పైఅంతస్తు గదులు, వరండా, కాంపౌండు గోడ మొదలుపెట్టమనండి. గురువారం ఉదయం ఏడింటికి ఇద్దరు కుర్రాళ్లతో వస్తాను. చెక్కడం, కొలతలు మధ్యాహ్నానికి అయిపోతాయి, పొడి తీయాల్సి వస్తే ల్యాబు రిపోర్టుకి మరికొన్ని రోజులు పడుతుంది. ఇల్లు కట్టినప్పటి పాత ప్లాను బీరువాలో ఎక్కడైనా ఉంటే తీసి ఉంచండి. ఆ పిల్లర్‌లో ఎన్ని రాడ్లు వేశారో దాంట్లో రాసి ఉండాలి.

మీ శ్రేయోభిలాషి,
స్ట్రక్చరల్ ఇంజనీరు