కౌంటర్ దగ్గర మీరు కూర్చున్నప్పుడు...

మధ్యాహ్నం మీవారు భోజనానికి రాగానే సెల్‌ఫోన్ల షాపులో కూర్చునేది మీరేనా? అయితే ఈ నాలుగు మాటలు మీకోసమే. ఫోను మీద మిగిలేది కొంచెమే. కవరు, గ్లాసు, చార్జరు అమ్మితేనే నాలుగు రాళ్ళు మిగులుతాయి. ఈ సంగతి కొనేవాళ్ళకూ తెలుసు. అందుకే "ఇదికూడా తీసుకోండి" అనగానే ముఖం చిట్లిస్తారు. మరి ఎలా అడగాలి?

మహబూబాబాద్ మార్కెట్లో మిర్చి అమ్ముకుని భార్యాభర్తలు మీ షాపుకొచ్చారనుకోండి. 9,000 రూపాయల్లో ఫోను కావాలన్నారు. వెంటనే 12,000 ఫోను ముందుపెట్టకండి. "పాత ఫోను ఎందుకు మారుస్తున్నరు అక్కా?" అని అడగండి. "ఫొటోలు దిగుతలేవు చెల్లె, జాగ లేదంటాంది" అందామె. ఇప్పుడు చెప్పడానికి మీకో కారణం దొరికింది! 64 జీబీ ఫోను 9,000, అదే 128 జీబీది 10,000 అయితే రెండూ పక్కపక్కన పెట్టి తేడా చెప్పండి. మెమరీ కార్డు వేసుకునే వీలుంటే అదీ దాచకండి. ఫొటోలు కార్డులోకి పోతాయిగానీ యాప్‌లు చాలావరకు ఫోనులోనే ఉంటాయని చెప్పి, ఎంపిక వాళ్ళకే వదిలేయండి. ఆమె "ఫోను నిదానంగా నడుస్తాంది" అనో, "పగిలింది" అనో అని ఉంటే ఈ 128 జీబీ మాటే ఎత్తనక్కర్లేదు.

ఫోను ఖాయమయ్యాక, మిగతా సామాను చూపించేముందు డబ్బా విప్పండి. కొన్నింట్లో మెత్తని కవరు లోపలే ఉంటుంది. అది తెలియక మీరు కవరు అమ్మితే, ఇంటికెళ్ళి డబ్బా చూసుకున్నాక ఆమె మిమ్మల్ని తిట్టుకుంటుంది. కొన్నింట్లో చార్జరే ఉండదు. అప్పుడు "ఇంట్లో ఉన్న చార్జరు పిన్ను దీనికి సరిపోతదా?" అని అడగండి. సరిపోతే కొత్తది వద్దని మీరే చెప్పండి, కాకపోతే చార్జింగ్ నెమ్మదిగా ఎక్కవచ్చని కూడా చెప్పండి. ఆ ఒక్కమాటతో మీ తర్వాతి మాట నమ్ముతారు.

గ్లాసు సంగతికొస్తే, చాలామందికి కోపం తెప్పించేది అడగకుండా అంటించి బిల్లులో కలపడమే. ధర ముందు చెప్పి, "వేయమంటరా?" అని ఒక్కసారే అడగండి. "ఎంత?" అని తిరిగి అడిగితే ఇష్టం ఉన్నట్టు. "తర్వాత చూద్దాం" అన్నా, చేయి సంచి మీదికి పోయినా, చూపు గుమ్మంవైపు తిరిగినా అది వద్దనే. అక్కడితో ఆపేయండి.

ఆమె 128 జీబీ ఫోనూ, 100 రూపాయల గ్లాసూ తీసుకుందనుకోండి. రెండూ బిల్లులో విడివిడిగా రాయండి. రేపు చెల్లెలి ఫోను కోసం మళ్ళీ మీ గుమ్మమే ఎక్కుతుంది, చూడండి!