పదిహేను మంది రాకపోతే చాలు... సర్కారు పడిపోద్ది!

విప్, సంకీర్ణం, పునర్‌వ్యవస్థీకరణ, అవిశ్వాసం... 2019 నాటి కర్ణాటక బలపరీక్షతో తెలుసుకుందాం

టీవీలో రాజకీయ కథ నడుస్తుంటుంది. సభలో ఒకాయన లేచి ‘విప్ జారీ చేశాం’ అంటాడు. ఎదుటి పక్షం ముఖాలు మాడిపోతాయి. ఇంకొకాయన ‘అవిశ్వాసం పెడతాం’ అనగానే ముఖ్యమంత్రికి చెమటలు పడతాయి. చూసేవాళ్లలో సగం మందికి ఎవరు ఎందుకు భయపడుతున్నారో అర్థం కాదు. సినిమాలో అయితే హీరో ఒక్క ప్రసంగంతో సభను తిప్పేస్తాడు. నిజం సభలో ప్రసంగాలతో తేలేది తక్కువ. అక్కడ లెక్కే అసలు కథ. ఆ లెక్క తెలియాలంటే కల్పిత కథ అక్కర్లేదు. 2019 జులైలో బెంగళూరు విధానసౌధలో జరిగింది చాలు. అందులో కోలారు, చిక్కబళ్లాపురం, హొసపేటల పాత్ర కూడా ఉంది కాబట్టి మనవాళ్లకు ఇంకా బాగా గుర్తుండే ఉంటుంది.

సంకీర్ణం: చిన్న పార్టీకి పెద్ద కుర్చీ

2018 మేలో కర్ణాటకలో 222 స్థానాలకు పోలింగ్ జరిగింది. బీజేపీకి 104, కాంగ్రెస్‌కు 78, జేడీఎస్‌కు 37 వచ్చాయి. బీఎస్పీకి ఒకటి, కేపీజేపీ అనే చిన్న పార్టీకి ఒకటి, స్వతంత్రునికి ఒకటి దక్కాయి. సగం దాటాలంటే 112 కావాలి. ఎవరికీ లేవు. ముందు బీజేపీ నేత యడియూరప్ప ప్రమాణం చేశారు గానీ, బలం చాలక రెండు రోజులకే, సభలో ఓటింగ్ జరగకముందే తప్పుకున్నారు.

అప్పుడు కాంగ్రెస్, జేడీఎస్ చేతులు కలిపాయి. ఇలా సొంత బలం చాలని పార్టీలు కలిసి నడిపేదే సంకీర్ణ ప్రభుత్వం. కన్నడ చానళ్లలో ‘మైత్రి సర్కార’ అని వినబడేది ఇదే. 37 మంది ఉన్న జేడీఎస్ నేత కుమారస్వామి ముఖ్యమంత్రి అయ్యారు. 78 మంది ఉన్న పార్టీ వెనక్కి తగ్గిందేమిటని చాలామంది ముక్కున వేలేసుకున్నారు. కానీ సంకీర్ణంలో ఎవరికి ఎక్కువ మంది ఉన్నారన్నది కాదు, ఎవరు లేకపోతే బండి కదలదన్నది ముఖ్యం. జేడీఎస్ అటు వెళితే బీజేపీ సర్కారు, ఇటు వస్తే కాంగ్రెస్‌కు వాటా. బేరమాడే బలం 37 మంది దగ్గరే ఉంది.

పునర్‌వ్యవస్థీకరణ: కుర్చీలు తక్కువ, ఆశలు ఎక్కువ

సర్కారు ఏర్పడింది సరే, పదవులు పంచాలి కదా. 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య సభలో 15 శాతం దాటకూడదు. కర్ణాటకలో అది 34. ఒప్పందం ప్రకారం కాంగ్రెస్‌కు 22, జేడీఎస్‌కు 12. అంటే పదవి దక్కిన ఒక్కరికి ఆశ తీరని ఇద్దరు ముగ్గురు తోడుంటారన్నమాట.

మంత్రులను మార్చడం, కొందరిని దింపి కొందరిని ఎక్కించడం, శాఖలు అటూ ఇటూ చేయడాన్ని పునర్‌వ్యవస్థీకరణ అంటారు. కన్నడంలో ‘సంపుట పునర్రచన’. ఖాళీలు నింపడం మాత్రమే అయితే అది విస్తరణ. చూడటానికి ఇది పాలనకు సంబంధించిన పనిలా ఉంటుంది. నిజానికి చాలాసార్లు అది అసంతృప్తులకు వేసే మందు. ఆ మందే ఒక్కోసారి వికటిస్తుంది. 2018 డిసెంబరు 22న ఎనిమిది మంది కాంగ్రెస్ వారిని మంత్రులుగా తీసుకుంటూ రమేశ్ జార్కిహొళి, ఆర్.శంకర్‌లను తొలగించారు. పదవి పోయిన జార్కిహొళి ఆ తర్వాత తిరుగుబాటుదారుల్లో ముఖ్యుడయ్యారు.

2019 జూన్ 14న ఇంకో విడత. శంకర్‌ను మళ్లీ తీసుకున్నారు. ముళబాగిలు స్వతంత్ర ఎమ్మెల్యే నాగేశ్‌కూ మంత్రి పదవి ఇచ్చారు. జులై 8న ఇద్దరూ పదవులు వదిలేసి మద్దతు ఉపసంహరించుకున్నారు. నెల కూడా నిండలేదు. అదే రోజు తిరుగుబాటు చేసినవారికి చోటు కల్పించేందుకు కాంగ్రెస్, జేడీఎస్ మంత్రులంతా రాజీనామాలు ఇచ్చేశారు. మంత్రివర్గాన్ని మొత్తం ఖాళీ చేసి పంచుతామన్నా ఎవరూ దిగిరాలేదు. టీవీ కథలో ‘మంత్రులంతా రాజీనామా’ అని వినబడితే వాళ్లంతా అలిగారని అనుకోకండి. కుర్చీలు ఖాళీ చేసి ఎర వేస్తున్నారేమో చూడాలి.

విప్: కొరడా ఎవరి వీపున?

ఈ మాట ఇంగ్లండ్ నక్కల వేట నుంచి వచ్చింది. వేటకుక్కలు చెల్లాచెదురు కాకుండా కొరడాతో అదిలించే మనిషి పేరే పార్టీకి అంటుకుంది. మన దగ్గర రెండిటినీ విప్ అనే అంటారు. సభ్యులను కూడగట్టే మనిషీ విప్పే, ‘ఫలానా రోజు తప్పక హాజరై ఇలా ఓటేయండి’ అనే ఆదేశమూ విప్పే. ‘విప్ మాట్లాడారు’ అంటే మనిషి, ‘విప్ జారీ అయింది’ అంటే ఆదేశం.

దీనికి మన దేశంలో చట్టం కోరలు పెట్టింది. 1985లో 52వ సవరణ ద్వారా రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేరింది. అదే ఫిరాయింపుల నిరోధక చట్టం. విప్‌కు విరుద్ధంగా ఓటేసినా, ఓటింగుకు దూరంగా ఉన్నా సభ్యత్వం పోవచ్చు. పదిహేను రోజుల్లోగా పార్టీ క్షమిస్తే గండం గడుస్తుంది. లేదంటే ఫిర్యాదు మీద నిర్ణయం స్పీకర్‌ది. విప్ ధిక్కరించిన ఓటు మాత్రం చెల్లుతుంది. అంటే పార్టీకి వ్యతిరేకంగా వేసిన ఓటుతో సర్కారు పడిపోతుంది, ఆ ఓటేసినాయన సీటు తర్వాత పోతుంది.

బ్రిటన్‌లో ఇలా ఉండదు. బీబీసీ 1990లో తీసిన హౌస్ ఆఫ్ కార్డ్స్‌లో కథానాయకుడు చీఫ్ విప్పే. చేతిలో చట్టం లేదు, అందరి గుట్టూ మాత్రం ఉంది. అక్కడ ధిక్కరిస్తే పార్టీ వెలివేస్తుంది గానీ సభ్యత్వం పోదు. 2019 సెప్టెంబరులో బోరిస్ జాన్సన్ 21 మంది సొంత ఎంపీలను అలాగే వెలివేశారు. వాళ్లు ఎంపీలుగానే కొనసాగారు. అందుకే ఇంగ్లిష్ కథల్లో విప్ బుజ్జగిస్తాడు, బెదిరిస్తాడు. మన కథల్లో నోటీసు అంటిస్తాడు.

మరి కోరలున్న విప్‌ను తప్పించుకునేదెలా? బెంగళూరులో ఎంచుకున్న దారి రాజీనామా. జులై 1న విజయనగర ఎమ్మెల్యే ఆనంద్‌సింగ్‌తో మొదలై పదో తేదీకల్లా 16 మంది రాజీనామా లేఖలిచ్చారు. వారిలో ఒకరు తర్వాత వెనక్కి తీసుకున్నారు. వాటిని ఆమోదిస్తే వారు సభ్యులే కారు, విప్ వర్తించదు. ఆమోదించకుండా ఆపితే సభ్యులే, విప్ వర్తిస్తుంది. ఆ తాళంచెవి స్పీకర్ రమేశ్‌కుమార్ చేతిలో ఉంది. ఆయనది మన కోలారు జిల్లా శ్రీనివాసపురం నియోజకవర్గమే. తగవు సుప్రీంకోర్టుకెక్కింది. జులై 17న కోర్టు రెండు మాటలు చెప్పింది. రాజీనామాలపై స్పీకర్ తనకు తోచిన సమయంలో నిర్ణయం తీసుకోవచ్చు. ఆ 15 మందిని సభకు రావాలని బలవంతపెట్టరాదు. రెండో మాటతో కొరడా కాస్తా తాడైపోయింది.

విశ్వాసమా? అవిశ్వాసమా?

ఈ రెండిటినీ కలిపేసుకునేవారు ఎక్కువ. ‘ఈ సర్కారు మీద మాకు నమ్మకం లేదు’ అని ఎదుటి పక్షం తెచ్చేది అవిశ్వాసం. లోక్‌సభలో దాన్ని చర్చకు తీసుకోవాలంటే 50 మంది లేచి నిలబడాలి. కారణాలు రాయనక్కర్లేదు. ఓడుతుందని తెలిసీ పెడుతుంటారు, చర్చ కోసం. 2018 జులై 20న తెలుగుదేశం ఎంపీ కేశినేని శ్రీనివాస్ మోదీ సర్కారు మీద పెట్టింది అలాంటిదే. అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325 ఓట్లు వచ్చి వీగిపోయింది. కానీ ప్రత్యేక హోదా మాట దేశమంతా వినబడింది.

విశ్వాస తీర్మానం అలా కాదు. ‘మా మీద మీకు నమ్మకం ఉందా?’ అని సర్కారే అడుగుతుంది. ఇక్కడ మెజారిటీ నిరూపించే బరువు సర్కారుదే. కుమారస్వామి 2019 జులై 18న పెట్టింది ఇదే. చర్చ రోజుల తరబడి సాగింది. గవర్నర్ వజూభాయ్ వాలా గడువులు పెట్టినా దాటిపోయాయి. సమయం గడిచేకొద్దీ ముంబై హోటల్లో ఉన్నవాళ్లలో కొందరైనా తిరిగొస్తారన్న ఆశ. రాలేదు. 23న ఓటింగ్ జరిగింది.

ఇక అసలు లెక్క. ఒక నామినేటెడ్ సభ్యునితో కలిపి సభ బలం 225. స్పీకర్‌ను పక్కన పెడితే 224. తిరుగుబాటుకు ముందు సంకీర్ణం వైపు 119, బీజేపీ వైపు 105. ఓటింగ్ నాడు 20 మంది రాలేదు. అందరూ సంకీర్ణం లెక్కలోని వారే. 119లో 20 పోతే 99. బీజేపీకి కొత్తగా ఒక్క ఓటూ రాలేదు, అవే 105. సర్కారు పడిపోయింది.

ఇక్కడే ఆగి చూడాలి. సభలో కావాల్సింది మొత్తం సభ్యుల్లో సగం కాదు, ఆ రోజు వచ్చి ఓటేసినవారిలో సగానికి పైన. అందుకే ఎవరూ అటువైపు ఓటేయనక్కర్లేదు, ఇంట్లో కూర్చుంటే చాలు. 14 మంది రాకుంటే 105–105 సమానం, అప్పుడు స్పీకర్ ఓటుతో తేలేది. 15 మంది రాకుంటే 104కు 105. కోర్టు మినహాయించింది సరిగ్గా 15 మందినే.

పడిపోయాక ఏమైంది?

స్పీకర్ వారం తిరక్కుండానే 17 మందిపై అనర్హత వేటు వేశారు. 2023 దాకా పోటీ చేయరాదన్నారు. నవంబరు 13న సుప్రీంకోర్టు వేటు సరైనదేనంది, గడువును మాత్రం కొట్టేసింది. డిసెంబరు 5న 15 స్థానాల్లో ఉప ఎన్నికలు జరిగాయి. బీజేపీ 12 గెలిచింది. విజయనగరలో ఆనంద్‌సింగ్, చిక్కబళ్లాపురంలో సుధాకర్ ఈసారి కమలం గుర్తుతో గెలిచారు, 2020 ఫిబ్రవరిలో మంత్రులయ్యారు. వేటు పడింది, ఆరు నెలలు తిరగ్గానే కుర్చీ దక్కింది. చట్టం కోరలు ఎంతవరకు దిగుతాయో ఇది చూస్తే తెలుస్తుంది. సీటు తీయగలదు, మళ్లీ పోటీ చేయకుండా ఆపలేదు. ఆపడమో, గెలిపించడమో ఓటరు చేతిలోనే ఉంది.

ఇకపై తెర మీద బలపరీక్ష వస్తే ప్రసంగాలు వింటూనే మూడు సంగతులు గమనించండి. పెట్టింది విశ్వాసమా, అవిశ్వాసమా? విప్ ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు? అన్నిటికన్నా ముఖ్యం, ఖాళీగా ఉన్న కుర్చీలెన్ని? ఆ ఖాళీలు లెక్కపెట్టారంటే స్పీకర్ ఫలితం చదవకముందే మీకు తెలిసిపోతుంది.