సోమవారం నుంచి శనివారం దాకా: ఒక అనుమతి లేఖ

ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌కు డిగ్రీ విద్యార్థులు రాసే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే తీరుగా ఉంటాయి. ‘మీ ల్యాబ్‌లో కొన్ని రోజులు నేర్చుకునే అవకాశం ఇప్పించగలరు’ అని. ఏం నేర్చుకుంటారో, ఎన్ని రోజులో, ఎందుకన్ని రోజులో అందులో ఉండదు. చదివే విభాగాధిపతికి మాత్రం వెంటనే మూడు ప్రశ్నలు వస్తాయి. ఈ పిల్లవాణ్ణి ఎవరు చూసుకోవాలి? ఏదైనా ముట్టుకుని జబ్బు తెచ్చుకుంటే ఎవరు బాధ్యులు? రోగుల వివరాలు బయటికి పోతే? జవాబు దొరక్కపోతే ఆ ఉత్తరం ఫైల్లోనే ఉండిపోతుంది.

వారం రోజులే ఎందుకు అడగాలన్నది కల్చర్ పని నడకలోనే ఉంది. మూత్ర పరీక్షనే తీసుకోండి. సోమవారం పొద్దున శాంపిల్ వస్తుంది. టెక్నీషియన్ 0.001 మిల్లీలీటరు మాత్రమే పట్టే లూప్‌ను అందులో ముంచి, సీఎల్‌ఈడీ ప్లేటు మీద గీసి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెడతారు. అక్కడితో ఆ రోజుకు చూడ్డానికేమీ ఉండదు. మంగళవారం ప్లేటు తీస్తే పసుపు రంగు కాలనీలు 120 లెక్కకు వచ్చాయనుకుందాం. లూప్ పట్టింది మిల్లీలీటరులో వెయ్యో వంతు కాబట్టి, మిల్లీలీటరుకు 1,20,000 బ్యాక్టీరియా అన్నమాట. లక్ష దాటి, ఒకే రకం పెరిగి, రోగికి మంట, జ్వరం వంటి లక్షణాలూ ఉంటే అది ఇన్ఫెక్షనే కావచ్చు. అదే ప్లేటు మీద మూడు రకాలు కలగలిసి పెరిగితే శాంపిల్ సరిగా పట్టలేదనో, రెండు గంటలకు మించి బయటే ఉండిపోయిందనో అనుమానించి, మళ్లీ పంపమంటారు. బాటిల్‌ను ఫ్రిజ్‌లో పెట్టకపోతే అందులోనే బ్యాక్టీరియా పెరిగిపోయి, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది.

మంగళవారమే ఆ బ్యాక్టీరియాను ముల్లర్ హింటన్ ప్లేటు మీద సమంగా పూసి, పైన యాంటీబయాటిక్ బిళ్లలు పెడతారు. బుధవారం ఒక్కో బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి, ఏ మందు పనిచేస్తుందో రాస్తారు. ఒక్క శాంపిల్‌కే మూడు రోజులు. రక్తం కల్చర్ బాటిల్ సంగతి వేరు. ఏమీ పెరగకపోతే మామూలుగా ఐదు రోజులు ఆగి గానీ ‘నెగెటివ్’ అనరు. సోమవారం పెట్టిన బాటిల్ తుది మాట శనివారం తెలుస్తుంది. ఒక్కరోజు వచ్చి వెళ్లేవాడికి కనిపించేది ప్లేట్లే.

కాబట్టి ఉత్తరం ఇలా ఉంటే బాగుంటుంది. కళాశాల ప్రిన్సిపాల్ సంతకంతో, ఆసుపత్రి సూపరింటెండెంట్ ద్వారా వెళ్లాలి.

‘గౌరవనీయులైన మైక్రోబయాలజీ విభాగాధిపతి గారికి,

నమస్కారం. నేను బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం విద్యార్థిని. కళాశాల ల్యాబ్‌లో స్ట్రీకింగ్, గ్రామ్ స్టెయినింగ్ చేశాను. కానీ అవన్నీ మాకు ముందే తెలిసిన కల్చర్లు. రోగి శాంపిల్ రిపోర్ట్ అయ్యే దాకా ఏ దశలో ఏ నిర్ణయం తీసుకుంటారో చూడాలని ఉంది. సెమిస్టర్ పరీక్షలు ముగిశాక, మీకు వీలైన ఏ వారమైనా, సోమవారం నుంచి శనివారం వరకు పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ల్యాబ్‌లో ఉండటానికి అనుమతి కోరుతున్నాను.

నేను చూడటానికే వస్తాను. శాంపిళ్లు, ప్లేట్లు ముట్టుకోను. టీబీ గదిలోకి రాను. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ వేయించుకున్నాను; ధ్రువపత్రం జతచేశాను. అప్రాన్, మూసి ఉండే బూట్లు నేనే తెచ్చుకుంటాను. ఫొటోలు తీయను, నోట్సులో రోగుల పేర్లు గానీ, నంబర్లు గానీ రాయను. సర్టిఫికెట్ అడగడం లేదు.’

టీకా సంగతి అలంకారం కోసం కాదు. రక్తం శాంపిళ్లున్న గదిలో ఆ ప్రశ్న ఎలాగూ అడుగుతారు. మూడు డోసులకు దాదాపు ఆరు నెలలు పడుతుంది కాబట్టి, చివరి సంవత్సరం మొదట్లోనే మొదలుపెట్టాలి. పొద్దున పూటే అడగడానికీ కారణముంది: రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉన్న ప్లేట్లను చాలాచోట్ల ఆ వేళకే తీసి చదువుతారు.

వారం కుదరదు, మూడు రోజులే ఇస్తామంటే, వరసగా ఉండే మూడు రోజులు అడగాలి. సోమ, బుధ, శుక్రవారాలు ఇస్తే మధ్యలో మంగళవారం కాలనీలు లెక్కపెట్టడం, సెన్సిటివిటీ ప్లేటు వేయడం తప్పిపోతాయి. రక్తం బాటిల్ సంగతి మాత్రం తర్వాత వారం ఫోన్ చేసి, రోగి పేరు లేకుండా పెరిగిందా లేదా అన్నంత వరకే అడగవచ్చు.